అమ్మ ఎంచిన పని

మా పాపకి ఎనిమిదేళ్లప్పుడు స్కూల్ మీటింగులో టీచర్ ఒక కాగితం చేతిలో పెట్టారు. ఏం చదవాలో, ఏం ఆడాలో పిల్లలనే ఎంచుకోనివ్వండి, పెద్దవాళ్లు ఎంచితే ఆసక్తి చచ్చిపోతుంది, ఇది పరిశోధనల్లో తేలిన సంగతి అని అందులో ఉంది. అప్పటిదాకా పాపకి పుస్తకాలు తీసిపెట్టేది నేనే. ఇంటికొచ్చాక తప్పు చేశానేమోనని టెన్షన్ పట్టుకుంది.

ఆ పరిశోధనలు ఎవరి మీద చేశారో వెతుక్కుంటూ కూర్చున్నాను. 1978లో అమెరికాలో కాలేజీ విద్యార్థులతో చేసిన ప్రయోగం ఒకటి దొరికింది. ఇద్దరిద్దరిని జతగా తీసుకున్నారు. ఒకరు ఆరు పజిల్స్‌లోంచి తనకి నచ్చిన మూడింటిని ఎంచుకుంటారు. రెండోవారికి సరిగ్గా ఆ మూడే ఇస్తారు, ఎంపిక లేకుండా. ఆ తర్వాత ఖాళీ సమయం ఇస్తే, తామే ఎంచుకున్నవాళ్లు పజిల్స్‌తో ఎక్కువసేపు గడిపారు. తెలివైన ప్రయోగమే. పజిల్స్ ఒకటే కాబట్టి తేడా ఎంపిక వల్లే వచ్చిందని తెలిసిపోతుంది.

కానీ ఇక్కడ రెండే దారులున్నాయి: తామే ఎంచుకోవడం, లేదా ముక్కూ మొహం తెలియనివాళ్లు తమ మీద పెట్టడం. ఇంట్లో జరిగేది ఈ రెండూ కాదు కదా!

అమ్మ ఎంచే ఆ మూడో దారిని 1999లో షీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ అనే ఇద్దరు పరిశోధకులు పెట్టి చూశారు. ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు, కొందరు తెల్లజాతి అమెరికన్లు, కొందరు చైనా, జపాన్ మూలాలున్నవాళ్లు. అక్షరాలు సర్ది మాటలు కూర్చే ఆట. కొందరు పిల్లలు తామే ఆటని ఎంచుకున్నారు. కొందరికి ప్రయోగం చేసే ఆవిడ ఎంచింది. మిగిలినవాళ్లకి "ఇది మీ అమ్మ ఎంచింది" అని చెప్పారు. తెల్ల పిల్లలు సొంతంగా ఎంచుకున్నప్పుడే బాగా ఆడారు, అమ్మ ఎంచినా పరాయి మనిషి ఎంచినా వెనకబడ్డారు. ఆసియా మూలాల పిల్లలు మాత్రం అమ్మ ఎంచిందన్నప్పుడే అందరికన్నా ఎక్కువ మాటలు కూర్చారు. ఖాళీ సమయంలోనూ ఆ ఆటే ఎక్కువసేపు ఆడారు.

ఇది చదివి మావారు "అయితే ఇక నువ్వే చెప్పు, అది చేస్తుంది" అన్నారు. అలా కాదు. పరాయి మనిషి ఎంచినప్పుడు ఆ పిల్లలూ చతికిలబడ్డారు. అంటే వాళ్లకి పెత్తనం నచ్చిందని కాదు, అమ్మ ఎంపిక తమ ఎంపికకి బయట ఉన్నదిగా అనిపించలేదన్నమాట. విద్యార్థులతో చేసిన ప్రయోగంలో అమ్మ లేదు కాబట్టి ఈ తేడా అందులో బయటపడే వీలే లేదు.

పోనీ, ఈ ఫలితాన్నయినా మా ఇంటికి తెచ్చుకోవచ్చా? ఆ పిల్లల్లో తెలుగు ఇళ్లవాళ్లు లేరు. పదమూడేళ్లవాళ్లూ లేరు. మా పాప ఇప్పుడు ఆ వయసులోనే ఉంది. మొన్న నేను తీసిపెట్టిన పుస్తకం రెండు రోజులు బల్ల మీదే పడి ఉంది. మూడో రోజు చూస్తే దాని మంచం పక్కన కనిపించింది, సగంలో పేజీ మడిచి.