న్యూరల్ ట్యూబ్‌లో నేను రెండు వారాలు తప్పు లెక్కేసిన చోటు

నీట్ పీజీకి చదివేటప్పుడు ఎంబ్రియాలజీలో నాకు తేదీలన్నీ కంఠతా వచ్చు. మెదడు, వెన్నుపాము తయారయ్యే న్యూరల్ ట్యూబ్ చివర్లలోని రంధ్రాల్లో, 25వ రోజు తలవైపు న్యూరోపోర్, 28వ రోజు తోకవైపు న్యూరోపోర్ మూసుకుంటాయి. అయినా మాక్ టెస్టులో మార్కు పోయింది. ప్రశ్న ఇదీ: మొదటి బిడ్డకు స్పైనా బైఫిడా వచ్చిన ఆవిడ, ఎల్ఎంపీ, అంటే చివరి నెలసరి మొదటి రోజు ప్రకారం 8 వారాల గర్భంతో వచ్చింది. ఫోలిక్ యాసిడ్ ఇంతవరకూ వేసుకోలేదు. ఇప్పుడు రోజుకు 4 మిల్లీగ్రాములు మొదలుపెడితే లోపాన్ని ఆపగలమా? డోసు సరిగ్గా ఉంది కదా అని 'ఆపగలం' మీద టిక్ పెట్టేశాను.

తర్వాత క్యాలెండర్ ముందు పెట్టుకుని లెక్కేశాను. ఎల్ఎంపీ జనవరి 1 అనుకోండి. ఫలదీకరణ సుమారు జనవరి 15. మనం చదివే 25, 28 ఇక్కడి నుంచి లెక్క, ఎల్ఎంపీ నుంచి కాదు. ఆ రెండు వారాల తేడాను నేనెప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. జనవరి 29న రావాల్సిన నెలసరి రాలేదు. ఫిబ్రవరి 6న, అంటే 22వ రోజున, మెడ దగ్గర మడతలు అతుక్కోవడం మొదలవుతుంది. 9న తలవైపు, 12న తోకవైపు మూసుకుంటాయి. ఆవిడ ఆసుపత్రికి వచ్చింది ఫిబ్రవరి 26న. ట్యూబ్ మూసుకోవాలన్నా, తెరిచి ఉండిపోవాలన్నా అది తేలిపోయి అప్పటికే రెండు వారాలు. అందుకే ఆ మాత్ర గర్భం రాకముందు నుంచే వేసుకోవాలి: ముందు ఇలాంటి బిడ్డ పుట్టి ఉంటే 4 మిల్లీగ్రాములు, మామూలుగా అయితే 400 మైక్రోగ్రాములు.

మూసుకోవడాన్ని నేను అమ్మ చేసే కజ్జికాయతో గుర్తుపెట్టుకున్నాను. గుండ్రటి పిండిని మడిచి, అంచును మధ్యలో నొక్కి, అక్కడి నుంచి రెండు చివర్లకూ వేళ్ళు జరుపుతుంది. చివర ఎక్కడ ఊడితే నూనెలో అక్కడ పూర్ణం బయటికొస్తుంది. తలవైపు చివర ఊడితే అనెన్‌సెఫలీ. మెదడు అసలు తయారే కాలేదని చాలామంది రాస్తారు, నేనూ అదే రాసేవాణ్ణి. నిజానికి మెదడు కణజాలం మొదట పెరుగుతుంది. పైన పుర్రె లేక, ఉమ్మనీటిలో నానుతూ కొద్దికొద్దిగా పాడైపోతుంది. పిండం సరిగా మింగలేదు కాబట్టి చాలా కేసుల్లో ఉమ్మనీరు పెరుగుతుంది. తోకవైపు చివర ఊడితే మైలోమెనింగోసీల్. చర్మం కప్పకపోవడంతో పిండంలోని ఏఎఫ్‌పీ అనే ప్రోటీన్ ఉమ్మనీటిలోకి కారి, అక్కడి నుంచి తల్లి రక్తంలో పెరుగుతుంది. స్పైనా బైఫిడా ఆకల్టాలో చర్మం మూసే ఉంటుంది, అందుకే ఏఎఫ్‌పీ నార్మల్. ప్రశ్నలో ఏఎఫ్‌పీ కనిపిస్తే ముందు 'చర్మం ఉందా, లేదా' అని చూడండి.

ఇక న్యూరల్ క్రెస్ట్, అంటే ఆ మడతల అంచుల్లోని కణాలు. ఆ కజ్జికాయ అంచుకు ఎర్ర రంగు పూసినట్టు ఊహించుకోండి. ఆ రంగు కణాలు అతుకు దగ్గర ఉండిపోకుండా శరీరమంతా నడిచిపోతాయి. డార్సల్ రూట్ గ్యాంగ్లియా, ష్వాన్ కణాలు, మెలనోసైట్లు, అడ్రినల్ మెడుల్లా, పేగులోని గ్యాంగ్లియా అన్నీ వీటి నుంచే. అడ్రినల్ కార్టెక్స్‌ది మీసోడెర్మ్. రెటీనా పిగ్మెంట్ పొర నల్లగా ఉంటుంది కదా అని క్రెస్ట్‌లో వేయకండి, అది ఆప్టిక్ కప్ నుంచి వస్తుంది.

'ట్యూబ్ మూసుకోకపోతే వచ్చేది ఏది' అన్న ప్రశ్నకు ఆప్షన్లలో హిర్ష్‌స్ప్రంగ్ పెడతారు. అది మూసుకోవడంలో లోపం కాదు, ప్రయాణంలో లోపం. క్రెస్ట్ కణాలు మెడ దగ్గర నుంచి పేగు వెంట కిందికి దిగుతూ మధ్యలో ఆగిపోతాయి. అందుకే గ్యాంగ్లియా లేని భాగంలో పురీషనాళం తప్పకుండా ఉంటుంది, అక్కడి నుంచి పైకి ఎంత దూరమన్నదే తేడా. పుట్టిన 48 గంటల్లో మలం పోని బిడ్డ ఎక్స్‌రేలో ఉబ్బిన పేగు కనిపిస్తుంది. నేను రోగం అక్కడే ఉందనుకునేవాణ్ణి. ఉబ్బింది మంచి పేగు. కింద సన్నగా ఉన్నదే రోగం ఉన్నది, బయాప్సీ తీసేది అక్కడి నుంచే.

ఈ రెండు లోపాలూ ఒకేచోట కలిసే ఉదాహరణ ఒకటుంది, అది చదివాకే నాకు గందరగోళం పోయింది. పాక్స్3 జన్యువు. స్ప్లాచ్ అనే ఎలుకల్లో దీని రెండు కాపీలూ చెడితే ట్యూబ్ తెరిచి ఉండిపోతుంది. ఒక్క కాపీ చెడితే ట్యూబ్ మూసుకుంటుంది, పొట్ట మీద మాత్రం తెల్ల మచ్చ ఉంటుంది. మెలనోసైట్లు అక్కడి దాకా చేరలేదన్నమాట. మనుషుల్లో ఒక కాపీ చెడితే వార్డెన్‌బర్గ్ సిండ్రోమ్: నుదుటి మీద తెల్ల జుట్టు పాయ, కొందరిలో చెవుడు. చెవుడెందుకంటే, లోపలి చెవిలోని స్ట్రయా వాస్క్యులారిస్ పనిచేయడానికి కూడా మెలనోసైట్లే కావాలి.