మా కాలేజీ దొంగ ఫ్యాకల్టీ వార్త నేనే రాయాల్సి వచ్చింది – నా అనుభవం

వార్త నిన్న జిల్లా ఎడిషన్‌లో వచ్చింది. నాకింకా ఒళ్లు మండుతూనే ఉంది కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నా.

నేను ఈసీఈ మూడో ఏడాది. ఒక దినపత్రికకు క్యాంపస్ వార్తలు పంపుతుంటా. 2024 జులైలో తమిళనాడులో అరప్పోర్ ఇయక్కం అనే సంస్థ ఒకే లెక్చరర్ పేరు ఒకేసారి చాలా ఇంజినీరింగ్ కాలేజీల్లో ఉందని బయటపెట్టింది కదా, మా డెస్క్ ఇన్‌చార్జ్ సార్ ఆ కటింగ్ దాచుకున్నారు. ‘‘మన జిల్లాలో ఎలా ఉందో చూడమ్మా’’ అని కాలేజీల జాబితా చేతిలో పెట్టారు. అందులో మా కాలేజీ కూడా ఉంది. వేరేవాళ్లకి ఇవ్వమన్నా. ‘‘లోపలున్నదానివి నువ్వే కదా. నీ పేరు వెయ్యం, మా విద్యార్థిని సాయంతో అని మాత్రం వార్తలో చెబుతాం’’ అన్నారు.

లెక్క తేలికే. ఇంజినీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ ప్రకారం 20 మంది విద్యార్థులకు ఒక టీచర్ ఉండాలి. మా బ్రాంచిలో నాలుగేళ్లకూ కలిపి 480 మందిమి, అంటే 24 మంది కావాలి. కాలేజీ తప్పనిసరిగా బయటపెట్టాల్సిన వివరాలుండే మాండేటరీ డిస్‌క్లోజర్ కింద వెబ్‌సైట్‌లో అచ్చంగా 24 పేర్లే ఉన్నాయి. నాలుగేళ్ల టైం టేబుళ్లు, ల్యాబులతో సహా, ముందేసుకుని కూర్చుంటే 13 పేర్లే తేలాయి. మిగతావాళ్లలో ఒక మేడమ్ ప్రసూతి సెలవులో ఉన్నారు, ఒక సార్ వేరే బ్రాంచి వాళ్లకి చెబుతున్నారు. తొమ్మిది మందిని మాత్రం ఎవరూ ఎన్నడూ చూడలేదు.

ఎన్నడూ అనడం తప్పు. కిందటేడు యూనివర్సిటీ ఇన్‌స్పెక్షన్ రోజున పట్టుచీర కట్టుకున్న ఒకావిడ నన్నాపి, ‘‘ఏమ్మా, ఈసీఈ హెచ్‌ఓడీ రూమ్ ఎటు?’’ అనడిగారు. మెళ్లో కార్డు మీద అసిస్టెంట్ ప్రొఫెసర్, ఈసీఈ అని ఉంది. కార్డుకున్న ప్లాస్టిక్ పొర కూడా ఇంకా ఊడదీయలేదు. ఆ పేరు జాబితాలో ఉంది.

ఆ తొమ్మిది మందిలో ఒకరు పేరు రాయనంటే మాట్లాడారు. ఆయన పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్‌లో చెప్పుకుంటారు. ఎంటెక్ సర్టిఫికెట్ల కాపీలు మాత్రం మా కాలేజీలో ‘పనిచేస్తాయి’. జీతం ఆయన ఖాతాలోనే పడుతుంది, ఏటీఎం కార్డు మాత్రం ఆఫీసులో ఉంటుంది. జీతం పడిన రోజే డబ్బు డ్రా అయిపోయిన మెసేజ్‌లు చూపించారు. ఏడాదికోసారి ఆయన చేతిలో పెట్టేది వేరే.

ఇక అసలు నరకం ప్రిన్సిపాల్ వివరణ తీసుకోవడం. వివరణ లేకుండా వార్త వెయ్యరు, అది న్యాయమే. లోపలికి వెళ్లి అడిగా. ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. ఆఫీసు వ్యవహారాలు చూసే ఏఓని పిలిచి నా ఐడీ కార్డు లాగించుకుని, బయట బెంచీ మీద కూర్చోమన్నారు. మధ్యాహ్నానికి మా నాన్న వచ్చారు. రైస్ మిల్లులో గుమస్తా, డ్యూటీ మధ్యలో వదిలి, ఖాకీ చొక్కా మీద తవుడుతోనే వచ్చారు. నేను కాపీ కొట్టి పట్టుబడ్డాననుకున్నారట.

‘‘మీ అమ్మాయి కాలేజీ పరువు బజారుకీడుస్తోంది. అటెండెన్స్ చూశారా? హాల్ టికెట్ సంగతి ఆలోచించుకోండి’’ అన్నారు ప్రిన్సిపాల్. నాకు 77 శాతం ఉంది, కావాల్సింది 75. ఆ మాట చెప్పబోతే, ‘‘పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో నువ్వేంటి?’’ అని ఏఓ గద్దించాడు. నాన్న చేతులు జోడించి, ‘‘చిన్నపిల్ల సార్, మన్నించండి’’ అన్నారు. ఆ జోడించిన చేతులు నేను మర్చిపోను, ఆ ఏఓని అసలే మర్చిపోను. క్షమాపణ కాగితం ముందు పెడితే నేను సంతకం చెయ్యలేదు. మెట్ల మీద నాన్న తిట్టలేదు, ‘‘తొమ్మిది మందీ లేరా నిజంగా?’’ అని మాత్రం అడిగారు.

కాలేజీ మీద ఏదైనా రాసేవాళ్లు నోటితో అడగొద్దు. ప్రశ్నలన్నీ మెయిల్లో పంపి, జవాబుకి గడువు రాయండి. నా మెయిల్‌కి ‘నిబంధనలన్నీ పాటిస్తున్నాం’ అని ఒక వాక్యం వచ్చింది, దాన్నే ఉన్నదున్నట్టు వేశాం. ఇంకోటి, ఎవర్నీ అడగక ముందే ఆ పేజీని web.archive.org లో Save Page Now కొట్టి దాచండి. నేను గదిలోంచి బయటికొచ్చిన మర్నాటికే ఆ జాబితా వెబ్‌సైట్‌లో లేదు. దాచిన కాపీ లేకపోతే లీగల్ వాళ్లు వార్త ఆపేసేవాళ్లు.

అఫిలియేషన్‌కి కాలేజీ ఇచ్చిన ఫ్యాకల్టీ జాబితా కోసం యూనివర్సిటీకి పది రూపాయల ఫీజుతో ఆర్టీఐ కూడా పెట్టా. మూడో పక్షం సమాచారం, ఇవ్వలేమన్నారు. సెక్షన్ 19(1) కింద మొదటి అప్పీలు వేశా. కాలేజీ ఇవ్వక్కర్లేదేమో, దాని నుంచి తీసుకున్న యూనివర్సిటీ ఇవ్వాలన్నదే నా వాదన.

ఇవాళ పొద్దున ఐడీ కార్డు వాచ్‌మన్ చేత పంపించారు. నోటీసు బోర్డులో ఈసీఈకి ‘అత్యవసర నియామకాలు’ అని కాగితం అంటించారు. ఖాళీలు తొమ్మిది.