నాలుగు బస్సులు, ఇద్దరు మేనేజర్లు

జూలైలో దుబాయ్‌లో తెల్లవారుజామున నాలుగు గంటలకు కూడా గాలి వేడిగానే ఉంటుంది. సోనాపూర్ కార్మికుల క్యాంపు గేటు దగ్గర ముప్పై ఎనిమిది మంది యూనిఫాంలు వేసుకుని, టిఫిన్ డబ్బాలు పట్టుకుని బస్సు కోసం నిలబడి ఉన్నారు. వాళ్లలో మన నిజామాబాద్, జగిత్యాల వాళ్లు పది మంది దాకా ఉంటారు. ఆ రోజు నేను ఎయిర్‌పోర్టు నుంచి ఒకతన్ని తీసుకుని అప్పుడే క్యాంపుకు వచ్చాను. ధర్మపురి తమ్ముడు ఒకడు నన్ను చూసి, "అన్నా, మీరు ఆఫీసులో ఉంటరు కదా, బస్సు సంగతి జర అడుగుండ్రి. వారం నుంచి ఇదే కథ" అన్నాడు. బస్సు ఐదు దాటాక వచ్చింది.

ఆ బస్సు ఎందుకు ఆలస్యమవుతోందో నాకు తెలుసు. బస్సుల ఖర్చు లెక్క రాసేది నేనే.

మాది పెద్ద భవనాల నిర్వహణ చూసే కంపెనీ. బిజినెస్ బేలో కొన్ని టవర్లు మా చేతిలో ఉండేవి. క్లీనింగ్ విభాగంలో 120 మంది, ఏసీలు, కరెంటు, ప్లంబింగ్ చూసే టెక్నికల్ విభాగంలో 60 మంది. రెండింటికీ కలిపి నెలకు 60 వేల దిర్హాముల బస్సుల బడ్జెట్. నాలుగు బస్సులకు, డ్రైవర్లతో కలిపి నెల అద్దె 40 వేలు. మిగిలిన 20 వేలు ఎక్స్‌ట్రా ట్రిప్పులకు, ఒక్కోటి 250 దిర్హాములు. అంటే నెలకు 80 ట్రిప్పులు. హెడ్డాఫీసు ఈ మొత్తాన్ని మనుషుల సంఖ్యను బట్టి రెండు భాగాలు క్లీనింగ్‌కు, ఒక భాగం టెక్నికల్‌కు రాసేసింది. చలికాలంలో ఎవరికీ ఇబ్బంది రాలేదు. ఆ జూలైలో మాత్రం 18వ తేదీకే 80 ట్రిప్పులూ అయిపోయాయి.

క్లీనింగ్ మేనేజర్ ఫిలిప్పీన్స్ ఆమె, టెక్నికల్ మేనేజర్ ఈజిప్టు ఆయన. ఇద్దరూ పనిమంతులే. నా బస్సులు ఆయన వాడేస్తున్నాడని ఆమె, నా డబ్బు ఆమె మింగేస్తోందని ఆయన రోజుకు నాలుగు మెయిళ్లు పెట్టుకునేవారు. ప్రతి మెయిల్‌లోనూ పెద్ద సార్లందరికీ సీసీ. నన్ను ఒకరు పిలిచి ఒక లెక్క అడిగితే, గంటకు రెండోవారు పిలిచి అదే లెక్క ఇంకోలా అడిగేవారు. ఆ పది రోజులూ నాకు రాత్రి నిద్ర పట్టేది కాదు.

చివరికి ప్రాజెక్ట్ డైరెక్టర్ కలగజేసుకున్నారు. ఆయన జోర్డాన్ మనిషి, వయసులో పెద్దాయన. ముందు మెయిళ్లు ఆపమన్నారు. 20వ తేదీన గంటన్నర మీటింగ్ అని చెప్పి, అంతకుముందే ఇద్దరితో విడివిడిగా అరగంట చొప్పున కూర్చున్నారు. పది మంది ముందు నోటికి రాని మాట ఒంటరిగా ఉన్నప్పుడు వస్తుంది. మీటింగ్‌లో మొదటిసారి కోపం కక్కుకుంటే అది రికార్డులో పడిపోతుంది, తర్వాత వెనక్కు తగ్గడం కష్టం. డైరెక్టర్ దగ్గర ముందే కక్కేసి రావడం వల్ల ఆ రోజు గదిలో ఇద్దరూ కొంత నెమ్మదిగా ఉన్నారు.

నాకు మాత్రం ఒక్కటే పని చెప్పారు. "మీటింగ్ మొదలయ్యేలోపు ఒకే లెక్క ఉండాలి. దాని మీద ఇద్దరి సంతకాలు ఉండాలి. అంకెల మీద గొడవ గదిలోకి రాకూడదు."

80 ట్రిప్పుల స్లిప్పులూ ముందేసుకుని కూర్చున్నాను. 75 మీద పేచీ లేదు. ఐదింటిని ఇద్దరూ ఎదుటివాళ్ల ఖాతాలో రాయమన్నారు. తీసి చూస్తే అవన్నీ అర్ధరాత్రి పైపు పగిలిన కేసులు. పైపు బాగుచేయడానికి ప్లంబర్లు, నీళ్లు ఎత్తిపోయడానికి క్లీనర్లు ఒకే బస్సులో వెళ్లారు. నా షీట్‌లో రెండే కాలమ్‌లు ఉండటం వల్ల వచ్చిన తగాదా అది. "ఉమ్మడి" అని మూడో కాలమ్ పెట్టి ఆ ఐదూ అందులో వేశాను. టెక్నికల్ 49, క్లీనింగ్ 26, ఉమ్మడి 5. ఇద్దరూ సంతకం పెట్టారు.

మీటింగ్‌లో మొదటి నియమం, ఒకరు ఐదు నిమిషాలు మాట్లాడాలి, రెండోవారు అడ్డు రాకూడదు. తర్వాత విన్నది తిరిగి చెప్పాలి. చెప్పినవారు "అవును, నేనన్నది అదే" అనేదాకా తమ వాదన మొదలుపెట్టకూడదు. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది కానీ ఆ రోజు అన్నిటికన్నా కష్టమైంది ఇదే.

ఆమె మాట్లాడాక ఈజిప్టు ఆయన వంతు వచ్చింది. "మేం ఆమె బస్సులు దొంగిలిస్తున్నామంటోంది" అన్నారు. "నేను అలా అనలేదు" అందామె. రెండోసారి, "ఆమెకు ఇంకా బస్సులు కావాలట" అన్నారు. "అదీ కాదు" అంది. అప్పుడామె బ్యాగులోంచి ఒక పొడుగాటి పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. క్యాంపు గేటు రిజిస్టర్. రాత్రి డ్యూటీ నేపాలీ సెక్యూరిటీ అతను నీలం పెన్నుతో రోజూ రాసేది. ఎన్ని గంటలకు ఎంతమంది గేటు దగ్గరికి వచ్చారు, బస్సు ఎన్నింటికి వచ్చింది. 3:50, 38 మంది, 5:05. ఆ కింద మర్నాడు. 3:45, 41 మంది, 4:55. అట్టకు చెమట మరకలు, ఒక పేజీ మీద టీ గ్లాసు అడుగు గుండ్రంగా పడి ఉంది.

ఆయన పేజీలు తిప్పుతూ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, "మీ మనుషులు గంటకు పైగా గేటు దగ్గర నిలబడుతున్నారు. ఆరింటికల్లా లాబీ శుభ్రంగా లేకపోతే బిల్లులో కోత పడుతుంది. రెండూ మీ మీదే పడుతున్నాయి" అన్నారు. "అవును, అదే" అందామె.

నాకు అప్పుడు చాలా బాధేసింది. అన్ని నెలలుగా దిర్హాముల లెక్క పైసలతో సహా రాశాను. ఆ గంట మాత్రం నా షీట్‌లో ఏ కాలమ్‌లోనూ లేదు.

తర్వాత ఆయన మాట్లాడారు, ఆమె తిరిగి చెప్పింది. జూలైలో రాత్రిళ్లు ఏసీ ఫిర్యాదులు ఆగవు, ఒప్పందంలో రాసిన సమయంలోగా మనిషి చేరకపోతే ఆయన విభాగానికీ బిల్లులో కోతే. ఆమె మొదటిసారే సరిగ్గా చెప్పింది.

డైరెక్టర్ తర్వాతి మెట్టుకు వెళ్లారు. ఆమె కోరిక, నాలుగు బస్సులూ ముందు క్లీనింగ్‌కే రావాలని. ఆయన కోరిక, తన వాటా 35 వేలకు పెంచాలని. "మీరడిగింది పక్కన పెట్టండి. అది దొరక్కపోతే ఏమవుతుందో చెప్పండి" అన్నారు డైరెక్టర్. ఆమెకు కావలసింది ఐదింటికి టవర్లలో మనుషులు. ఆయనకు కావలసింది రాత్రి నలుగురు టెక్నీషియన్లను కదిలించే బండి. ఇలా చెప్పుకున్నాక ఇద్దరి అవసరాలూ ఒకదానికొకటి అడ్డమే కాదని కనిపించింది.

మరి డబ్బు ఎక్కడ పోతోంది? ఇక్కడ స్లిప్పులే దారి చూపాయి. 49 టెక్నికల్ ట్రిప్పుల్లో 33 రాత్రివి. అంత పెద్ద బస్సులో ఆరుగురికి మించి ఎక్కిన రాత్రి ఒక్కటీ లేదు. మిగిలిన 16, క్లీనింగ్ వాళ్ల 26, కలిపి 42 తెల్లవారుజామువి. అవన్నీ జూన్ 15 తర్వాత మొదలైన అలవాటే. ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా ఎండలో పని చేయించకూడదని ఇక్కడ చట్టం. అందుకని ఆయన తన 60 మందినీ 5:30 బస్సు నుంచి నాలుగింటి బస్సుకు మార్చారు. ఆమె కూడా బయట పార్కింగులు కడిగే 45 మందిని రెండో రౌండ్ నుంచి మొదటి రౌండ్‌కు తెచ్చింది. అంతకుముందు అవే బస్సులు రెండు రౌండ్లు తిరిగేవి. ఇప్పుడు 180 మందీ ఒకేసారి గేటు దగ్గర. ఇద్దరూ షిఫ్టులు మార్చారు, బస్సుల టైమ్‌టేబుల్ మాత్రం ఎవరూ మార్చలేదు.

బోర్డు మీద పరిష్కారాలు రాసే పని నాకిచ్చారు. రాయడం అయ్యేదాకా ఎవరూ ఏదీ బాగోలేదనకూడదు. తొమ్మిది వచ్చాయి. నిలబడినవి రెండే. ఎండలో డాబాల మీద పనిచేసేది 12 మంది టెక్నీషియన్లే, మిగతా 48 మంది లోపల పనివాళ్లు. వాళ్లను తిరిగి 5:30కి పంపడం ఒకటి. రాత్రి పనులకు 14 సీట్ల వ్యాను నెలకు 6 వేలకు అద్దెకు తీసుకోవడం రెండోది. డ్రైవర్ రాత్రి 8 నుంచి ఉదయం 5 దాకా, మధ్యలో గంట విరామం. డ్యూటీ దిగేముందు నాలుగింటికి ఆ 12 మందినీ టవర్ల దగ్గర దింపుతాడు.

అంతా కుదిరిందనుకునేసరికి మళ్లీ చిచ్చు రేగింది. వ్యాను 6 వేలు ఎవరి ఖాతాలో? టెక్నికల్‌ది అనగానే ఈజిప్టు ఆయన కుర్చీ వెనక్కి నెట్టి లేచారు. డైరెక్టర్ పది నిమిషాలు టీ బ్రేక్ ఇచ్చారు. ఆ బ్రేక్ ఇవ్వకపోతే మీటింగ్ అక్కడితో అయిపోయేదని ఇప్పటికీ అనుకుంటాను. తిరిగొచ్చాక ఎక్స్‌ట్రా 20 వేలను మనుషుల సంఖ్యతో పంచడం మానేద్దామన్నారు. వ్యానుకు 6 వేలు ముందే తీసిపెట్టి, చెరో 4 వేలు ఇచ్చి, మిగిలిన 6 వేలు ఇద్దరి సంతకంతోనే కదిలే నిల్వగా ఉంచారు. పైపు పగిలితే అందులోంచి తీస్తారు. 15వ తేదీలోపు ఎవరి ఖర్చు తమ వాటాలో 60 శాతం దాటినా ఆ రోజే ముగ్గురూ కూర్చోవాలి. జూలైలో మిగిలిన రోజులకు రాత్రికి ఒకటి చొప్పున 12 ట్రిప్పులకు 3 వేలు డైరెక్టర్ తన అధికారంతో ఇచ్చారు.

ఇది ఒక్క పేజీలో రాసి, ఎవరు ఏ తేదీకి ఏం చేయాలో వేసి, ముగ్గురూ సంతకాలు పెట్టి లేచారు. నా షీట్‌లో కొత్త కాలమ్ చేరింది: గేటు దగ్గర ఎదురుచూసిన నిమిషాలు. అడిగింది ఆమె, ఒప్పుకుంది ఆయన.

ఇలాంటి మీటింగ్ అన్నిచోట్లా పనిచేస్తుందని నేను అనను. మా దగ్గర వృథా ఉంది కాబట్టి దాన్ని కోసి ఇద్దరికీ సర్దగలిగారు. నిజంగానే డబ్బు చాలనిచోట ఎంత ఓపికగా విన్నా బస్సు రాదు. కుర్చీలో కూర్చున్న మనిషికి అక్కడికక్కడ 3 వేలు ఇచ్చే అధికారం లేకపోయినా కథ మళ్లీ మెయిళ్లకే వెళ్లేది.

ఆగస్టులో ఎక్స్‌ట్రా ట్రిప్పులు 27. ఇద్దరూ స్నేహితులేమీ కాలేదు, కానీ సెప్టెంబర్ 15 తర్వాత షిఫ్టులు మళ్లీ మారతాయని, కొత్త బస్సుల టైమ్‌టేబుల్ పది రోజుల ముందే ఇద్దరి పేర్లతో నాకు వచ్చింది.

ఇప్పుడు వారానికోసారి నేనే వెళ్లి గేటు రిజిస్టర్ ఫోటో తీసుకుంటాను. మొదటిసారి వెళ్లినప్పుడు ధర్మపురి తమ్ముడు బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపాడు. సెక్యూరిటీ అతను అప్పుడే రాసిన గీత ఇంకా తడిగానే ఉంది. 3:55, 40 మంది, 4:05.