సంతకం అడగని అంగీకారం

బ్రిటన్‌లోని ఒక విశ్వవిద్యాలయం తరఫున, కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లి ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లతో మాట్లాడడానికి 2019లో నేను అక్కడ కొన్ని నెలలు ఉన్నాను. నైతిక సమీక్షా సంఘం ఆమోదించిన మూడు పేజీల అంగీకార పత్రం నా చేతిలో ఉండేది. దాని చివర సంతకమో వేలిముద్రో ఉండి తీరాలన్నది వారి షరతు.

కువైట్‌లోని హసావీ ప్రాంతంలో ఒక ఇరుకు గదిలో కలిసిన మనిషి, యజమాని ఇల్లు విడిచి వచ్చేసిన ఖద్దామా, అంటే ఇంటి పనిమనిషి. ఆమె మీద పరారీ కేసు ఉంది, పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉంది. అలాంటి వారిని అక్కడ ఖల్లివల్లి అంటారు. నేను పత్రం తీయగానే ఆమె అడిగిన మొదటి మాట, "ఇది పెడితే ఔట్‌పాస్ వస్తుందా పాపా?" పాస్‌పోర్టు లేనివారు ఊరు చేరడానికి ఎంబసీ ఇచ్చే కాగితమే ఔట్‌పాస్. అనుమతి లేకుండా ఉంటున్నవారిని కువైట్ జరిమానా లేకుండా వెళ్లనిచ్చిన 2018 క్షమాభిక్ష సమయంలో ఎందరో ఇలాగే కాగితాల మీద వేలిముద్రలు వేసి ఊరు వెళ్లారు కనుక, ఆ ప్రశ్నలో అమాయకత్వమేమీ లేదు. ఆ ఆశతో పెట్టే సంతకాన్ని నేను అంగీకారం అని రాసుకుంటే అది అబద్ధమే. పైగా ఆమె ఎక్కడ ఉందో, ఎవరితో మాట్లాడిందో చెప్పే ఏకైక రుజువు నా సంచిలో ఉండిపోతుంది.

అమెరికా సమాఖ్య నిబంధనల్లోనే దీనికి వెసులుబాటు ఉంది: పరిశోధనతో మనిషిని కలిపే ఆధారం ఆ సంతకమొక్కటే అయి, ప్రధాన ప్రమాదం గోప్యత చెదరడమే అయినప్పుడు, కోరితే సంతకాన్ని మినహాయించవచ్చు. మా సంఘానికి అది చూపి ఒప్పించడానికి మూడు వారాలు పట్టింది. ఆ తరువాత పత్రాన్ని తెలుగులో చదివి వినిపించి, "నేను చెప్పింది మీ మాటల్లో మళ్లీ చెప్పండి అక్కా" అని అడిగేదాన్ని. టికెట్టు, కేసు, ఎంబసీ అన్న మాటలు ఆ జవాబులో దొర్లితే, ఆ రోజు ఇంటర్వ్యూ మొదలుపెట్టేదాన్ని కాదు.

పేరు మార్చడంతో గోప్యత దక్కుతుందని నేను కూడా అనుకున్నాను. ముసాయిదాలో ఆమె మండలం, కవల పిల్లలున్న యజమాని ఇల్లు, ఇస్త్రీపెట్టె కాల్చిన ఎడమచేయి వేర్వేరు పేజీల్లో ఉన్నాయి. అనుమతితో అది చదివిన మరో ఖద్దామా రెండో పేజీ దాటకముందే, "ఈమె ఫలానా వీధి ఆమె కదా" అంది. మండలం స్థానంలో జిల్లా పెట్టాను, కవలలను తీసేశాను, చేతి గాయాన్ని ఏం చేయాలో మాత్రం ఫోన్ చేసి ఆమెనే అడిగాను.

"చెయ్యి తీసేయ్ పాపా, ఊర్లో మా కూతురు చదివితే ఏడుస్తాది," అంది. "ఏడు నెలల జీతం ఎగ్గొట్టింది మాత్రం ఉండనీ."