పుండ్లు మానాయి

"ఇదిగో, ఇక్కడే పుండ్లుండేవి," అని డాక్టర్ గారు స్క్రీన్ మీద నున్నటి గులాబీ రంగు పేగు చూపిస్తుంటే అమ్మకి ఏడుపు ఆగలేదు.

తమ్ముడికి సాయంత్రమైతే జ్వరం, మనిషి సగమైపోయాడు. కొలనోస్కోపీలో చిన్నపేగు పెద్దపేగుని కలిసే చోట పుండ్లు, దారి ఇరుకు, చూడటానికి అచ్చం క్రోన్స్ అనే, పేగుల్లో ఏళ్ల తరబడి వాపు, పుండ్లు తెచ్చే జబ్బు లాగే; పేగు టీబీ కూడా అలాగే కనిపిస్తుందట. బయాప్సీలో గ్రాన్యులోమాలనే చిన్న కణాల ముద్దలున్నాయి, కానీ అవి ఈ రెండు జబ్బుల్లోనూ వస్తాయట. టీబీ క్రిమిని వెతికే జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్ష నెగెటివ్. పేగు టీబీలో క్రిములు తక్కువ కాబట్టి నెగెటివ్ వచ్చినా టీబీ కాదనలేం అన్నారు.

క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్ ఇస్తే, ఉన్నది టీబీ అయితే అది ఒళ్లంతా పాకే ప్రమాదం ఉంది. అందుకే ముందు టీబీ మందులే మొదలుపెట్టి, రెండు నెలలకి మళ్లీ స్కోప్ చేశారు. జ్వరం తగ్గితే చాలదా అని అడిగాను. క్రోన్స్ ఉన్నవాళ్లకి కూడా ఆ మందులతో కొన్నాళ్లు తేలిగ్గా అనిపిస్తుందట, పుండ్లు మానడం కళ్లతో చూస్తేనే నమ్మకం.

ఇరుకు మాత్రం ఇంకా ఉంది. మచ్చ కట్టిన చోటు మందులకి పూర్తిగా సాగకపోవచ్చు, ఇబ్బంది పెడితే బెలూన్‌తో వెడల్పు చేస్తామన్నారు.