నచ్చింది, నచ్చలేదు, ఎందుకు: మా పాపకి పేరు ఎలా కుదిరిందంటే

మా పాపది స్వాతి నక్షత్రం, నాలుగో పాదం. స్వాతికి రూ, రే, రో, తా అని నాలుగు అక్షరాలుంటే మాకు చివరిదైన 'తా' వచ్చింది. కొన్ని ఇళ్లలో నక్షత్రం పేరు వేరేగా పెట్టేసి, పిలిచే పేరు మాత్రం తమకు నచ్చింది పెట్టుకుంటారు. మా అత్తగారికి అలా కాదు, రేపు స్కూల్లో రాసే పేరే ఆ అక్షరంతో మొదలవ్వాలి. దీర్ఘం లేకపోయినా 'త' ఉంటే చాలని మా పంతులుగారు అనడంతో కొంచెం వెసులుబాటు దొరికింది. అయినా మీరే ఒకసారి ప్రయత్నించి చూడండి, 'త'తో అమ్మాయి పేర్లు అంటే నాలుగైదు దాటేసరికి ఆగిపోతాం.

అందుకే ఇంటి వాట్సాప్ గ్రూపులో అడిగాను. రాజమండ్రిలో మా పెద్దమ్మ ఉంది, తెలుగు టీచర్‌గా రిటైరైంది. డాలస్‌లో మా వదిన (మా ఆయన అక్క), బెంగళూరులో మా తమ్ముడు, ఇంకా పిన్నులూ బాబాయిలూ అందరూ ఉన్నారు. మొదటి మెసేజ్‌లో "త అక్షరంతో పేర్లు చెప్పండి, మోడరన్‌గా ఉండాలి, మన సంప్రదాయంలోనూ ఉండాలి" అని మాత్రమే రాశాను. సాయంత్రానికి పేర్లే పేర్లు: తన్వి, తన్మయి, తనుశ్రీ, తారక, తరుణి, తరంగిణి, తేజస్విని, తులసి. వీటిలో తేజస్విని, తులసి మాకు పనికిరావు, తే, తూ విశాఖ నక్షత్రం అక్షరాలు.

నా అభిప్రాయం ఏమిటంటే, మొదటి జాబితాలో పేరు దొరకాలని చూడకూడదు. అది మన ఇష్టాలు మనకే తెలియడానికి. పేర్లు కళ్ల ముందు లేనప్పుడు "మీకెలాంటి పేరు కావాలి" అంటే ఎవరైనా మోడరన్, అర్థవంతం, పలకడానికి తేలిక అనే మూడు మాటలే చెబుతారు. ఒక పేరు చూసి "అబ్బే" అనిపించినప్పుడే, ఆ అనిపించడం వెనకాల ఏముందో వెతకొచ్చు. కాబట్టి ఆ జాబితాలో ఒక్కటి కూడా కొట్టేయకుండా, నేనూ మా ఆయనా చెరో కాగితం మీద ప్రతి పేరుకీ ఎదురుగా నచ్చిన ముక్క ఒకటి, నచ్చని ముక్క ఒకటి రాసుకున్నాం. విడివిడిగా రాయడం ముఖ్యం, కలిసి కూర్చుంటే ఎవరు ముందు నోరు తెరిస్తే రెండోవాళ్లు దానికే తలూపుతారు.

తర్వాత రెండూ కలిపి గ్రూపులో ఒకే మెసేజ్ పెట్టాను. అందులో కొంత ఇక్కడ ఇస్తున్నా:

"తన్వి: వినడానికి హాయిగా ఉంది, చిన్నగా ఉంది. కానీ సన్నని ఒళ్లున్న అమ్మాయి అని అర్థం, ఒంటి తీరు గురించి చెప్పే పేరు వద్దు. తనుశ్రీ కూడా అందుకే వద్దు.
తన్మయి: అర్థం నచ్చింది. కానీ ఆడపడుచు వైపు మృణ్మయి ఉంది, ఒక ఇంట్లో ఒకరిని పిలిస్తే ఇద్దరూ పలుకుతారు.
తారక: అర్థం నచ్చింది, దీర్ఘంతో మొదలవడం ఇంకా నచ్చింది. మా బావగారి అబ్బాయి తారక్, కాబట్టి కుదరదు.
తరంగిణి: నది అనే అర్థం చాలా నచ్చింది, చివర 'ణి' నచ్చింది. నాలుగక్షరాలు కాబట్టి పిలుపులో 'తరంగ్' అయిపోతుంది, అదొక్కటే ఇబ్బంది."

ఇందులో రెండు రకాల కారణాలున్నాయి చూడండి. బంధువుల పిల్లల పేరు, ఒంటి గురించిన అర్థం, ఇవి ఖచ్చితంగా వద్దు అనేవి. నాలుగక్షరాలు అనేది ఇబ్బందే గానీ మిగతాదంతా బాగుంటే సర్దుకుపోవచ్చు. ఈ తేడా చెప్పకపోతే ఎదుటివాళ్లు రెండింటినీ ఒకే గాటన కట్టేస్తారు, తరంగిణి లాంటి దగ్గరి పేరు కూడా తన్వితో పాటు చెత్తబుట్టలోకి పోతుంది. అందుకే మెసేజ్ చివర "తరంగిణి కొట్టేసిన పేరు కాదు, ఇప్పటికి దగ్గరగా వచ్చింది ఇదే" అని విడిగా రాశాను.

పెద్దమ్మ వెంటనే ఫోన్ చేసింది. "ఇదంతా బానే ఉందే, మరి మోడరన్ అన్నావు చూడు, అది నాకు అంతుపట్టడం లేదు. తరంగిణి నాకు మోడరనే. అక్షరం సంగతి పక్కనపెట్టి, నీకు తెలిసిన పిల్లల్లో ఎవరి పేర్లు ముద్దుగా అనిపించాయో ఓ నాలుగు చెప్పు" అంది. నేను మేఘన, సహన, ఆమని, యామిని అన్నాను. కాసేపు ఆలోచించి, "ఒక్కదానికీ ఒత్తు లేదు గమనించావా? అన్నీ మూడక్షరాలే, అన్నీ న, ని మీదే ఆగాయి. నీకు కావాల్సింది మోడరన్ కాదు, ఒత్తులు లేని మెత్తటి పేరు" అంది. నాకు అప్పటిదాకా ఆ సంగతి తట్టనే లేదు. మా ఆయన్ని కూడా అలాగే నాలుగు పేర్లు చెప్పమంటే ఆయనవీ ఒక్కటి తప్ప అన్నీ మూడక్షరాలవే. ఎవరైనా పేర్లు అడుగుతుంటే ముందు ఈ పని చేయమని చెబుతాను, మోడరన్, క్లాసీ, క్యూట్ అనే మాటల బదులు నచ్చిన పేర్లు నాలుగు చెబితే అవతలివాళ్లకి పని సులువవుతుంది.

తర్వాతి విడత పేర్లు నిజంగానే దగ్గరపడ్డాయి. తరంగిణిలో నది నచ్చిందన్నాను కదా, పెద్దమ్మ తటిని, తపతి పంపింది. తటిని అన్నా నది అనే. తపతి సూర్యుడి కూతురు, మహాభారతంలో సంవరణుడి భార్య, కురువుకి తల్లి. మధ్యప్రదేశ్‌లో పుట్టి సూరత్ దగ్గర సముద్రంలో కలిసే తపతి నదిది కూడా ఆ పేరే. నాకు తపతి ఎంత నచ్చిందో చెప్పలేను. కానీ అత్తగారు "తపించడం గుర్తొస్తుంది, పసిపిల్లకి ఆ మాట ఎందుకమ్మా" అన్నారు. ఆవిడ అన్నది కాదనలేను, తెలుగులో ఆ మాట వినగానే ముందు తట్టేది బాధే. ఆవిడ మాట కూడా కారణంతో సహా గ్రూపులో పెట్టాను: "తపతి: కథ, నది, మూడక్షరాలు అన్నీ నచ్చాయి. తాపం, తపన గుర్తొచ్చే మాట వద్దు."

తటిని దగ్గర ఇంకో కొత్త సంగతి బయటపడింది. వదిన దాన్ని ఇంగ్లీషులో Tatini అని రాసి, "ఇందులో ఏ t త, ఏ t ట? ఇక్కడివాళ్లు రెండూ ట అనే చదువుతారు. Thatini అని రాస్తే that లాగా మొదలుపెడతారు" అంది. మనవాళ్లం త కోసం th రాస్తాం, ఉత్తరాదిలో t రాస్తారు, అమెరికాలో th చూస్తే నాలుక పళ్ల మధ్యకి వెళ్లే ఇంకో శబ్దం పలుకుతారు. 'త'తో మొదలయ్యే ఏ పేరుకైనా ఈ తిప్పలు ఒకసారి తప్పవు, అదే పేరులో మళ్లీ త గానీ ట గానీ వస్తే రెండింతలు. కాబట్టి కొత్త షరతు చేరింది: మొదటి అక్షరం తర్వాత త, ట రాకూడదు.

ఇలా షరతులు పెరిగేకొద్దీ ఒక చోట బండి ఆగిపోతుంది, మాకూ ఆగింది. ఎలా తెలిసిందంటే, ఇంతకుముందు వద్దన్న పేర్లే స్పెల్లింగ్ మార్చుకుని మళ్లీ రావడం మొదలైంది, నెట్‌లో ఏదో జాబితాలోంచి తీసిన పేర్లు కూడా వచ్చాయి. తమ్ముడు పంపిన ఒక పేరుకి అక్కడ "దేవత ఇచ్చిన వరం" అని సంస్కృతార్థం రాసి ఉంది, పెద్దమ్మ శబ్దరత్నాకరంలో వెతికింది, నేను ఆంధ్రభారతి సైట్లో వెతికాను, ఆ మాటే లేదు. నిఘంటువులో లేకపోతే పేరు పెట్టకూడదని కాదు, కానీ లేని అర్థాన్ని నమ్మి పెట్టకూడదు. ఇక బారసాల దగ్గరపడుతోందని టెన్షన్ పడుతుంటే మా ఆయన ఒక సంగతి కనుక్కొచ్చారు. జననం నమోదు 21 రోజుల్లోపు అవ్వాలి గానీ, పేరు లేకుండానే నమోదు చేయించొచ్చు, 12 నెలల్లోపు ఫీజు లేకుండా పేరు చేర్పించుకోవచ్చు, ఆ తర్వాతైతే ఆలస్య రుసుము కట్టాలి.

కాస్త ఊపిరి పీల్చుకుని షరతులు అన్నిటినీ వరసలో పెట్టాం. వదులుకోలేనివి: త లేక తా, బంధువుల్లో లేని పేరు, ఒంటి గురించి కానిది, బాధ గుర్తురానిది. ఉంటే మంచిది: మూడక్షరాలు, ఒత్తు లేకపోవడం, చివర ని లేక ణి, తర్వాత త, ట రాకపోవడం. వదిలేసింది: నది అనే అర్థం. ఈ చివరిది రాయడం నాకు కష్టంగా అనిపించింది, నదిని పట్టుకుని వేలాడింది నేనే కాబట్టి. అయితే 'త'తో నది పేర్లు నిఘంటువులో ఎన్ని ఉంటాయి చెప్పండి, దాన్ని వదిలితే తప్ప వెతకడానికి చోటే మిగల్లేదు.

అరగంటలో పెద్దమ్మ ఒకే ఒక్క పేరు పంపింది: తారిణి. దాటించే తల్లి అని అర్థం, దుర్గాదేవి పేరు. తారకలో నచ్చిన దీర్ఘం ఉంది, తరంగిణిలో నచ్చిన 'ణి' ఉంది, మూడే అక్షరాలు, ఒత్తు లేదు. అత్తగారిది ఇచ్ఛాపురం, ఒడిశా సరిహద్దు. ఒడిశాలోని ఘటగావ్‌లో ఉన్న తారిణి అమ్మవారి గుడి ఆవిడకి బాగా తెలుసు, పేరు వినగానే రెండు చేతులూ జోడించారు. పంతులుగారికి కూడా దీర్ఘంతో సహా అచ్చంగా 'తా' దొరికింది.

స్పెల్లింగ్ కోసం చివరిగా ఒక పరీక్ష పెట్టాం. Tarini, Tharini, Taarini అని మూడు చీటీలు రాసి, పేరు తెలియని వాళ్లకి ఒక్కొక్కరికి ఒక్కో చీటీ ఇచ్చి చదవమన్నాం. Tharini ఇక్కడివాళ్లు తారిణి అనే చదివారు, వదిన వాళ్ల ఆఫీసులో మాత్రం రకరకాలుగా పలికారట. Taarini చూసి అక్కడ ఒకరు రెండు a లు ఎందుకని అడిగారట. Tarini ని ఇక్కడ ఒకరిద్దరు 'తరిణి' అన్నారు, అక్కడ 'టారిని' అన్నారు, రెండూ ఒకసారి చెబితే సరిదిద్దుకునేవే. అదే ఖాయం చేసి దరఖాస్తులో పెద్ద అక్షరాలతో రాశాం. మీసేవ కౌంటర్లో రసీదు ఇవ్వగానే అక్కడే నిలబడి తెలుగు పేరు, ఇంగ్లీషు పేరు రెండూ అక్షరం అక్షరం సరిచూసుకున్నాం, ఎందుకంటే రేపు స్కూల్లో, పాస్‌పోర్టులో నడిచేది జనన సర్టిఫికెట్లో ఉన్న స్పెల్లింగే.