ఆదివారం రాత్రి డ్యూటీ ఎందుకు నాకే?

ఇక్కడ ఉద్యోగంలో చేరిన మొదటి ఆరు నెలలు నాకు ఆదివారం వస్తుందంటేనే టెన్షన్. వారాంతం సపోర్ట్ డ్యూటీకి మా టీమ్‌లో ముగ్గురం ఉండేవాళ్లం. ప్రతి సోమవారం ఒక చిన్న ప్రోగ్రామ్ మా పేర్లను కలిపి కొత్త వరుసలో ఇచ్చేది. ముందున్నవాళ్లు తమకు నచ్చిన షిఫ్ట్ తీసుకుంటారు, చివరివాళ్లకు మిగిలింది. మిగిలేది ఎప్పుడూ ఆదివారం రాత్రే. ఇంటికి వీడియో కాల్ చేసుకోవడానికి నాకు కుదిరే సమయం కూడా అదే.

24 వారాల మెయిళ్లు తీసి లెక్కపెట్టాను. 13 సార్లు నేనే చివర. న్యాయంగా అయితే ఎనిమిది సార్లకు అటూ ఇటూ రావాలి. పరాయి దేశంలో, కొత్తగా వచ్చినవాడి మనసు ముందు ఎటు పోతుందో ఇలాంటి చోట ఉన్నవాళ్లకు తెలుసు. ఎవరో కావాలనే చేస్తున్నారని రెండు రాత్రులు నిద్రపోలేదు. తర్వాత టీమ్ లీడ్‌ని అడిగితే, ఆమె ఏమీ అనుకోకుండా కోడ్ చూపించింది. పేర్లను కలిపేది ఈ ఒక్క లైనే:

```
names.sort(() => Math.random() - 0.5)
```

చూడగానే సరిగ్గానే ఉందనిపిస్తుంది. పేర్లను వరుసలో పెట్టే ఈ సార్ట్, రెండు పేర్లు పోల్చినప్పుడల్లా బొమ్మా బొరుసూ వేస్తోంది కదా, ఇందులో పక్షపాతం ఎక్కడిది? కాగితం మీద వేసి చూస్తే గానీ నాకు అర్థం కాలేదు.

అప్పట్లో మేం ఈ జావాస్క్రిప్ట్ కోడ్‌ను నడిపింది నోడ్ 10లో. అందులో పది లేదా అంతకన్నా తక్కువ అంశాలుంటే, ఒక్కో పేరునూ ముందున్నవాటితో పోల్చుతూ ముందుకు జరిపే ఇన్సర్షన్ సార్ట్ నడుస్తుంది. జాబితాలో పేర్లు క, ఖ, గ అనుకుందాం. చివర చేరాను కాబట్టి నేను గ. ముందు క, ఖలను పోలుస్తుంది. సగం అవకాశంతో వాళ్లు స్థానాలు మార్చుకుంటారు. అంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు నా వంతు. నన్ను నా ముందున్న పేరుతో పోలుస్తుంది. నాణెం ఒకవైపు పడితే నేను కదలను, పని అక్కడితో అయిపోతుంది. అంటే చివరే ఉండిపోయే అవకాశం సరిగ్గా సగం. రెండోవైపు పడితే ఒక మెట్టు ముందుకు జరిగి, ఇంకో నాణెం వేయాలి. కాబట్టి మధ్య స్థానానికి పావు, మొదటి స్థానానికి పావు. నా 13 ఎక్కడి నుంచి వచ్చాయో తెలిసిపోయింది. మనుషుల్లో ఎవరి తప్పూ లేదు, జాబితాలో నా పేరు చివర ఉండటమే కారణం.

నోడ్ 11 నుంచి సార్ట్ పద్ధతి మారింది. అయినా పక్షపాతం పోదు, దాని ఆకారం మారుతుందంతే. సార్ట్ ఏదైనా, పోల్చే నియమం నిలకడగా ఉంటుందని నమ్మి పనిచేస్తుంది. ఒకసారి క ముందంటే మళ్లీ అడిగినా అదే జవాబు రావాలి. అది పక్కన పెట్టినా, అసలు లెక్కే కుదరదు. మూడు పేర్లకు ఆరు వరుసలు. ఈ సార్ట్ ఎక్కువలో ఎక్కువ మూడు నాణేలు వేస్తుంది, అంటే ఎనిమిది సమాన వాటాలు. ఎనిమిది వాటాలను ముక్కలు చేయకుండా ఆరు వరుసలకు సమంగా పంచలేం. నాణేలు నాలుగైతే 16, ఐదైతే 32. రెండును రెండుతో ఎన్నిసార్లు గుణించినా ఆరుతో భాగింపబడదు.

సరైన పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. గణాంకవేత్తలు ఫిషర్, యేట్స్ 1938లో కాగితం మీద చేసుకునేలా చెప్పారు. డర్‌స్టెన్‌ఫెల్డ్ 1964లో దాన్ని కంప్యూటర్‌కు తగ్గట్టు, స్థానాలు మార్చుకునే రూపంలో ఇచ్చాడు:

```
for (let i = a.length - 1; i > 0; i--) {
  const j = Math.floor(Math.random() * (i + 1));
  [a[i], a[j]] = [a[j], a[i]];
}
```

చివరి స్థానానికి ముగ్గురిలో ఒకరిని సమాన అవకాశంతో ఎంచి, ఆ చోట ఉన్నవారితో మార్చాలి. ఆ స్థానం ఇక ఖరారు, దాన్ని మళ్లీ ముట్టుకోం. మిగిలిన ఇద్దరిలో ఒకరిని మధ్య స్థానానికి ఎంచాలి. మూడు దారులు, ఒక్కోదానికి రెండు దారులు, మొత్తం ఆరు. ఆరు వరుసలకూ ఒక్కో దారి. ఎంచుకున్న పేరు ఇప్పటికే అక్కడ ఉంటే అది తనతో తనే మారుతుంది, దాన్ని కూడా అనుమతించాలి. అందుకే `i + 1`.

కోడ్ మార్చేటప్పుడు నా పక్క సీటు సహోద్యోగి `i + 1` బదులు `a.length` రాశాడు. ప్రతిసారీ అందరిలోంచీ ఎంచితే ఇంకా బాగా కలుస్తుందని అతని ఉద్దేశం. లూప్‌ను కూడా మొదటి స్థానం దాకా, మూడుసార్లు తిప్పాడు. అప్పుడు దారులు 27 అవుతాయి, అవీ ఆరుతో భాగింపబడవు. కొన్ని వరుసలకు ఐదు దారులు, కొన్నింటికి నాలుగు పడతాయి.

కంటితో చూస్తే ఈ తేడా తెలియదు. అందుకే ఒక టెస్ట్ రాశాను. 60,000 సార్లు కలిపి, ఆరు వరుసలూ ఒక్కోటి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడుతుంది. ప్రతిదీ 10,000కి దగ్గరగా ఉండాలి, 500 మించి తేడా వస్తే టెస్ట్ ఫెయిల్. సరైన కోడ్‌కి మామూలుగా వంద చుట్టూ తేడా వస్తుంది. సహోద్యోగి రాసినదానికి కొన్ని 8,900 దగ్గర, మరికొన్ని 11,100 దగ్గర ఆగాయి. పాత లైన్‌తో నడిపితే నేను చివర ఉన్న రెండు వరుసలు చెరో 15,000, మిగతా నాలుగూ చెరో 7,500.

ఆ సోమవారం కొత్త కోడ్‌తో వచ్చిన వరుసలో నా పేరు మధ్యలో ఉంది. ఆదివారం రాత్రి అమ్మతో గంటసేపు మాట్లాడాను.